ప్రమోషన్ రాలేదని టీమ్ మెంబర్‌కి ఎదురుగా కూర్చుని ఎలా చెప్పాలి

ఏప్రిల్, మే వచ్చాయంటే చాలా సాఫ్ట్‌వేర్ ఆఫీసుల్లో అప్రైజల్ లెటర్ల టెన్షన్ మొదలవుతుంది. లెటర్ కోసం చూసేవాళ్ళకే కాదు, అందులో ఏముందో ముందే తెలిసి నోరు మూసుకుని తిరగాల్సిన లీడ్‌లకి, మేనేజర్లకి కూడా. మీ టీమ్‌లో ఒకరికి ఈసారి ఖాయం అని అందరూ అనుకున్నారు, ఆ మనిషీ అనుకుంది, నార్మలైజేషన్ మీటింగ్‌లో లిస్ట్ నుంచి పేరు ఎగిరిపోయింది. ఇప్పుడు ఆ సంగతి మీరు చెప్పాలి. ఎలా చెప్పాలో ఒక కేసు పట్టుకుని చూద్దాం. ఆమె పేరు రాధిక అనుకుందాం. ఆరేళ్ళుగా టెస్టింగ్‌లో ఉంది, పని బాగా చేస్తుంది, టెస్ట్ లీడ్ అవ్వాలని రెండేళ్ళుగా చూస్తోంది. డిపార్ట్‌మెంట్ మొత్తానికి లీడ్ పోస్టులు రెండే, పేర్లు ఆరు వచ్చాయి. ఆ రెండూ ఒక రిలీజ్‌ని మొదటి నుంచి చివరిదాకా సొంతంగా నడిపినవాళ్ళకి వెళ్ళాయి. రాధిక ప్రతి రిలీజ్‌లోనూ ఉంది, కానీ ఏ రిలీజూ ఆమె పేరు మీద నడవలేదు.

ఇది ఉద్యోగం తీసేసే మాట చెప్పే పద్ధతి కాదు. అక్కడ హెచ్‌ఆర్ పక్కన ఉండాలి, నోటీస్ పీరియడ్, కాగితాలు వేరే ఉంటాయి, దాని దారి వేరు.

1. ముందు మీరు తెలుసుకోవాల్సినవి

గదిలోకి వెళ్ళేముందు మీ మేనేజర్‌నో హెచ్‌ఆర్‌నో మూడు విషయాలు అడిగి పెట్టుకోండి. నిర్ణయం ఫైనలా, లేక ఇంకా మారే అవకాశం ఉందా? కారణం ఎంతవరకు చెప్పొచ్చు? లెటర్ పోర్టల్‌లో ఏ రోజు, ఏ టైమ్‌కి కనిపిస్తుంది?

వీటిలో మొదటిది తేలకుండా మాట్లాడటానికి కూర్చోవద్దు. "నేను ఇంకా ట్రై చేస్తున్నాను, కాకపోవచ్చు, కానీ చూద్దాం" అంటే అది చెడ్డవార్త చెప్పినట్టూ కాదు, మంచివార్త చెప్పినట్టూ కాదు, ఆ అమ్మాయి వారం పాటు నిద్ర లేకుండా తిరుగుతుంది, చివరికి అదే వార్త రెండోసారి వినాల్సొస్తుంది.

కారణం సంగతి ఇంకా ముఖ్యం. ప్రమోషన్ రాకపోవడానికి మామూలుగా రెండు రకాల కారణాలుంటాయి: మనిషి ఇంకా ఆ స్థాయికి రాలేదనుకోవడం, లేదా మనిషి వచ్చినా పోస్టులు లేకపోవడం. కొన్నిసార్లు రెండూ కలిసి ఉంటాయి, రాధిక విషయంలో అలాగే ఉంది. చాలామంది లీడ్‌లు ఇక్కడే సులువు దారి చూసుకుంటారు. "బడ్జెట్ లేదంట" అనేస్తే ఎవరికీ నొప్పి ఉండదు కదా అని. కానీ అదే వారం పక్క టీమ్‌లో ఇద్దరికి ప్రమోషన్ మెయిల్ వస్తుంది, అప్పుడు రాధిక మిమ్మల్ని ఏమనుకుంటుందో వేరే చెప్పక్కర్లేదు. దీనికి తిరగబడ్డ తప్పు కూడా ఉంది. అసలు కారణం పోస్టులు లేకపోవడమే అయినా, నిర్ణయానికి బలం ఇవ్వాలని ఎప్పుడో నవంబర్‌లో మిస్సయిన ఒక డిఫెక్ట్ తవ్వి తీస్తారు. అది ఇంకా ఘోరం, ఎందుకంటే ఆ ఒక్క డిఫెక్ట్ వల్లే పోయిందని ఆమె నిజంగా నమ్మేస్తుంది.

అందుకని అసలు కారణాన్ని రెండు వాక్యాల్లో కాగితం మీద రాసుకోండి. రాయలేకపోతే మీకే సరిగ్గా తెలియదన్నమాట, వెళ్ళి మళ్ళీ అడగండి.

2. ఎప్పుడు, ఎక్కడ

లెటర్ రేపు ఉదయం పోర్టల్‌లోకి వస్తుందంటే ఈరోజు చెప్పండి, ఈరోజే వస్తుందంటే దానికి ముందు పొద్దున చెప్పండి. హెచ్‌ఆర్ అంతకుముందు చెప్పనివ్వరు, మీరూ వారం ముందు చెప్పి ఆమె చేత రహస్యం మోయించకూడదు. కానీ లెటర్ తెరిచి చూసుకున్న తర్వాత మీరు పిలిస్తే అది వార్త చెప్పడం కాదు, సంజాయిషీ ఇచ్చుకోవడం.

శుక్రవారం సాయంత్రం వద్దు. "వీకెండ్ ఉంది కదా, కుదుటపడుతుంది" అనేది చెప్పేవాళ్ళ సౌకర్యం. వినేవాళ్ళకి అవి రెండు రోజుల పాటు అడగడానికి ఎవరూ లేని ప్రశ్నలు. క్లయింట్ కాల్‌కి అరగంట ముందు వద్దు, ప్రొడక్షన్ రిలీజ్ రోజూ వద్దు. సోమవారం నుంచి బుధవారం లోపు, పదకొండు పన్నెండు గంటల మధ్య అయితే మధ్యాహ్నం ఆమె కావాలంటే ఇంటికి వెళ్ళొచ్చు, లేదా వచ్చి ఇంకో మాట అడగొచ్చు.

మీటింగ్ ఇన్వైట్ రెండు రోజుల ముందు పెట్టకండి. అప్రైజల్ సీజన్‌లో లీడ్ నుంచి ఏ సబ్జెక్టూ లేని ఇన్వైట్ వస్తే ఎవరికైనా గుండె జారుతుంది. పది నిమిషాల ముందు ఆమె సీటు దగ్గరికి వెళ్ళి "రాధికా, ఓ అరగంట మాట్లాడాలి, ఈ పని అయ్యాక వస్తావా" అంటే చాలు. "ఒక్క ఐదు నిమిషాలు" అనకండి. ఐదు నిమిషాల పని కాదని మీకు తెలుసు.

గది గంటకి బుక్ చేయండి, మీరు వాడేది అరగంటే అయినా. తర్వాతి మీటింగ్ వాళ్ళు తలుపు తట్టి గడియారం చూపిస్తూ నిలబడితే అంతకంటే ఇబ్బంది ఉండదు. మన ఆఫీసుల్లో గదులన్నీ అద్దాల గోడలే కాబట్టి మీరు ముందే వెళ్ళి ఫ్లోర్ కనిపించే వైపు కుర్చీలో కూర్చోండి. అప్పుడు ఆమెకి మిగిలేది అద్దానికి వీపు పెట్టే కుర్చీ. ఆమె మొహం బయట ఎవరికీ కనబడదు. ఇది చాలామందికి తట్టదు కానీ కళ్ళల్లో నీళ్ళు వచ్చినప్పుడు ఆమెకి అన్నిటికంటే ఎక్కువ పనికొచ్చేది ఇదే. టేబుల్‌కి అటూ ఇటూ ఎదురెదురుగా ఇంటర్వ్యూలా కాకుండా మూల దగ్గర కూర్చోండి. లాప్‌టాప్ మూసేయండి, ఫోన్ సైలెంట్‌లో పెట్టి జేబులో వేసుకోండి. నీళ్ళ బాటిల్ ఒకటి ఉంచండి. టిష్యూ డబ్బా మాత్రం ఆమె ముందు పెట్టి కూర్చోకండి, ఏడుపు కోసం ఎదురుచూస్తున్నట్టు ఉంటుంది. పక్కన ఎక్కడో ఉంటే చాలు.

3. మొదటి నిమిషం

తలుపు వేశాక "ఎలా ఉన్నావ్, ఇంట్లో అంతా బాగేనా, బాబు స్కూల్ ఎలా ఉంది" అని మొదలుపెట్టకండి. మామూలు రోజుల్లో అది మర్యాదే. కానీ ఈరోజు తర్వాత ఆలోచించుకుంటే, తన ప్రమోషన్ పోయిందని తెలిసి కూడా నవ్వుతూ బాబు గురించి అడిగాడు అనిపిస్తుంది. పొగడ్తలతో మొదలుపెట్టడం కూడా అంతే. ముందు రెండు మంచి మాటలు, మధ్యలో చెడ్డవార్త, చివర ఇంకో మంచి మాట అనే పద్ధతి అందరికీ తెలిసిపోయింది, మీరు పొగడ్త మొదలుపెట్టగానే రాధిక "కానీ" కోసం ఎదురుచూస్తుంది. పైగా ఆ పొగడ్త నిజమే అయినా ఆ రోజు దానికి విలువ ఉండదు.

క్యాన్సర్ పేషంట్లకి కష్టమైన వార్త ఎలా చెప్పాలో డాక్టర్లకి నేర్పడానికి స్పైక్స్ అని ఒక ఆరు మెట్ల పద్ధతి ఉంది, 2000లో ప్రచురించారు. అందులో వార్తకి ముందు ఒక చిన్న హెచ్చరిక వాక్యం చెప్పమంటారు, వినే మనిషి కాస్త నిలదొక్కుకోవడానికి. అది ఇక్కడా పనికొస్తుంది. ఆ పద్ధతిలోనే ఇంకొకటుంది, వార్త చెప్పేముందు "మీకు ఇప్పటివరకు ఏం తెలుసు, ఏమనుకుంటున్నారు" అని అడగడం. డాక్టర్ దగ్గర దానికి అర్థం ఉంది, పేషంట్‌కి ఎంత తెలుసో చూసుకుని చెప్పాలి కాబట్టి. ప్రమోషన్ విషయంలో నేనైతే అది వదిలేయమంటాను. "ఈసారి ఎలా ఉంటుందనుకుంటున్నావ్" అని అడిగితే ఆమె మొహం వెలిగించుకుని తన ఆశంతా చెప్తుంది, అదంతా విన్నాక మీరు లేదనాలి.

కాబట్టి ఇలా:

"రాధికా, ప్రమోషన్ గురించి మాట్లాడటానికి పిలిచాను. నువ్వు ఎదురుచూసిన వార్త కాదు."

ఒక్క ఊపిరి ఆగండి.

"ఈసారి నీకు ప్రమోషన్ రాలేదు. నిర్ణయం అయిపోయింది, మారదు."

అంతే. ఈ రెండు ముక్కల్నీ ఇంట్లోనో కారులోనో పైకి అని చూసుకోండి, ఫోన్‌లో రికార్డు చేసి వినండి. మనసులో అనుకున్నప్పుడు బాగానే ఉంటాయి, నోటితో అనేసరికి మధ్యలో "యాక్చువల్లీ", "అంటే ఏంటంటే", "ఒక రకంగా" వచ్చి చేరతాయి. అవి చేరినంతసేపూ అవతలి మనిషి వార్త కోసం వెతుక్కుంటూ ఉంటుంది. వాక్యం చివర గొంతు కిందికి దిగాలి. "రాలేదు..." అని సాగదీస్తే ఇంకా ఏదో మిగిలుందనిపిస్తుంది.

భాష కూడా చూసుకోండి. రోజూ తెలుగులో మాట్లాడుకునే ఇద్దరి మధ్య ఇలాంటప్పుడు ఉన్నట్టుండి హెచ్‌ఆర్ మెయిల్‌లాంటి ఇంగ్లీష్ దిగుతుంది, మనకి తెలియకుండానే దాని వెనక దాక్కుంటాం. రోజూ ఎలా మాట్లాడతారో అలాగే మాట్లాడండి. రోజూ "నువ్వు" అంటే ఈరోజు కూడా "నువ్వు" అనండి, "మీరు" అంటే "మీరు". మామూలుగా పేరు పెట్టి పిలిచే మనిషిని ఈరోజు "చూడమ్మా" అన్నారంటే, బుజ్జగిస్తున్నారని వెంటనే అర్థమైపోతుంది.

4. ఇప్పుడు నోరు మూసుకోవాలి

అన్నిటికంటే కష్టమైన మెట్టు ఇదే. వార్త చెప్పాక గదిలో నిశ్శబ్దం వస్తుంది, అది భరించలేక మనమే మాట్లాడేస్తాం, కారణాలు, ఓదార్పు, వచ్చే ఏడాది సంగతులు అన్నీ ఒకేసారి కుమ్మరించేస్తాం. ఆమెకి అవేవీ ఎక్కవు. లోపల పదివరకు లెక్కపెట్టుకోండి. ఆమె ముందు మాట్లాడాలి.

ఏడిస్తే ఏడవనివ్వండి. "అయ్యో, ఏడవకు" అనకండి, నీళ్ళ బాటిల్ కాస్త జరపండి, "తొందరేం లేదు" అనండి, ఊరుకోండి. కోపం వస్తే, "రెండేళ్ళ నుంచి వీకెండ్లు కూడా పని చేశాను, దీనికా?" అంటే, ఆ వీకెండ్ల మీద వాదన పెట్టుకోకండి. "చేశావు, నాకు తెలుసు. కోపం రావడంలో తప్పేం లేదు" అంటే సరిపోతుంది. మీ గొంతు ఆమె గొంతుతో పాటు పైకి లేవకూడదు, ఆమె వేగం పెంచిన కొద్దీ మీరు తగ్గించాలి. అలాగని చావు కబురు చెప్పేవాళ్ళలా గుసగుసలాడకండి, అది ఇంకా భయపెడుతుంది.

నిజంగా జాగ్రత్తపడాల్సింది మూడో రకంతో. చిన్నగా నవ్వి "పర్లేదన్నా, ఓకే, నెక్స్ట్ టైమ్ చూద్దాం" అని లేచి వెళ్ళబోయేవాళ్ళు. హమ్మయ్య, బాగా తీసుకుంది అనుకుని మనం ఊపిరి పీల్చుకుంటాం. ఆ "పర్లేదు" అనేది చాలాసార్లు ఈ గదిలోంచి త్వరగా బయటపడాలని చెప్పే మాట. ఆపి కూర్చోబెట్టి బలవంతంగా మాట్లాడించక్కర్లేదు, కానీ "సరే, ఇప్పుడే ఏం చెప్పక్కర్లేదు. కారణం వినాలనుంటే ఇప్పుడు చెప్తాను, లేదా ఎల్లుండి కూర్చుందాం, నీ ఇష్టం" అని ఒక తలుపు తెరిచి ఉంచండి.

"నీకంటే నాకే ఎక్కువ బాధగా ఉంది" అనకండి. ఆ ముక్క అన్నాక ఆమె మిమ్మల్ని ఓదార్చాలి.

5. కారణం చెప్పడం

కాసేపటికి "ఎందుకు?" అని వస్తుంది. కాగితం మీద రాసుకున్న రెండు వాక్యాలు దీనికోసమే.

"లీడ్ పోస్టులు రెండే వచ్చాయి, ఆరు పేర్లు వెళ్ళాయి. ఒక రిలీజ్‌ని ప్లానింగ్ నుంచి సైన్-ఆఫ్ దాకా సొంతంగా నడిపినవాళ్ళని తీసుకున్నారు. నీ పనిలో క్వాలిటీ గురించి ఎవరూ వేలెత్తలేదు. కానీ నీ పేరు మీద నడిచిన రిలీజ్ ఒక్కటీ చూపించలేకపోయాం."

ఇందులో పోస్టుల సంగతీ ఉంది, ఆమెకి సంబంధించినదీ ఉంది, రెండూ విడివిడిగా ఉన్నాయి. చివర "చూపించలేకపోయాం" అన్నది ఊరికే మర్యాదకి కాదు. రిలీజ్ ఎవరికివ్వాలో నిర్ణయించింది మీరే కదా.

కారణం ఎలా చెప్తున్నామన్నదానికి ఎంత తేడా ఉంటుందో 1990లో జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ ప్రచురించిన ఒక అధ్యయనం చూస్తే అర్థమవుతుంది. అమెరికాలో ఒక కంపెనీ ఆర్డర్లు పోయి తన ఫ్యాక్టరీల్లో రెండింటిలో 10 వారాలపాటు జీతాలు 15 శాతం తగ్గించింది. ఒకచోట ప్రెసిడెంటే వచ్చి దాదాపు గంటన్నర కూర్చుని లెక్కలు చూపించి, విచారం చెప్పి, అడిగిన ప్రశ్నలన్నిటికీ జవాబిచ్చాడు. రెండోచోట పావుగంటలో ముక్తసరిగా తేల్చేశారు. కోత రెండుచోట్లా ఒకటే. ఫ్యాక్టరీలోంచి వస్తువులు మాయమవడం రెండుచోట్లా పెరిగింది, కానీ పావుగంటలో తేల్చేసిన చోట చాలా ఎక్కువ పెరిగింది, ఉద్యోగం మానేసినవాళ్ళూ అక్కడే ఎక్కువ.

ఇక పైవాళ్ళ మీదికి తోసేయడం. "నేను చాలా ఫైట్ చేశాను రాధికా, పైవాళ్ళే ఒప్పుకోలేదు." నోటి చివర సిద్ధంగా ఉండే వాక్యం ఇదే. దీనివల్ల ఆ పూటకి మీరు మంచివాళ్ళవుతారు. కానీ ఆమెకి రెండు సంగతులు అర్థమవుతాయి: మీ మాటకి పైన విలువ లేదు, కాబట్టి మీ దగ్గర ఉండి లాభం లేదు. దానికి బదులు జరిగింది జరిగినట్టు చెప్పండి: "నీ పేరు నేనే పెట్టాను. మీటింగ్‌లో అందరి కేసులూ విన్నాక వచ్చిన నిర్ణయం ఇది. ఆ నిర్ణయాన్ని నీకు వివరించాల్సింది నేను, అడుగు." పేరు మీరు పెట్టకపోతే పెట్టానని చెప్పకండి, ఆఫీసుల్లో ఇవి దాగవు.

"మరి ఫలానా అతనికి ఎలా వచ్చింది?" అన్న ప్రశ్న తప్పకుండా వస్తుంది. పేర్ల జోలికి వెళ్ళకండి, అతను బాగా చేశాడనీ అనకండి, నాకూ అర్థం కాలేదనీ అనకండి. "ఇంకొకరి కేసు గురించి నీతో మాట్లాడను, నీ కేసు గురించి వాళ్ళతో మాట్లాడనట్టే. ఏం చూశారన్నది మాత్రం చెప్పగలను" అని మళ్ళీ రిలీజ్ సంగతి దగ్గరికి రండి. అదే ప్రశ్న మూడుసార్లు వేసినా అదే జవాబు, అదే గొంతుతో. మూడోసారికి కొత్త కారణం కలిపారంటే మొదటి రెండూ అబద్ధంలా కనిపిస్తాయి.

6. ఏం మాటివ్వచ్చు

"నెక్స్ట్ సైకిల్ పక్కా" అనకూడదు. వచ్చే ఏడాది ఎన్ని పోస్టులొస్తాయో, మీరే ఈ ప్రాజెక్ట్‌లో ఉంటారో లేదో మీకే తెలియదు. మీ చేతిలో ఉన్నది పని కేటాయించడం, కాబట్టి మాట కూడా అంతవరకే: "జులై రిలీజ్ నీ పేరు మీద పెడతాను. ప్లాన్, డైలీ కాల్, సైన్-ఆఫ్ అన్నీ నీవే. దానివల్ల ప్రమోషన్ వస్తుందని చెప్పలేను. ఈసారి అడిగిన ప్రశ్న మాత్రం మళ్ళీ అడగలేరు."

అయితే ఇది కూడా ఈ మొదటి మీటింగ్‌లో చెప్పాలా అంటే, ఆమె అడిగితేనే. అడక్కపోతే రెండోసారికి ఉంచుకోండి. వార్త విన్న అరగంటలో జులై ప్లాన్ మాట్లాడితే, నొప్పి ఉన్నచోట ఇంకో బరువు పెట్టినట్టుంటుంది.

7. ముగించడం, ఆ తర్వాత రెండు రోజులు

మాటలు తిరిగి తిరిగి అక్కడికే వస్తున్నాయంటే ఇక చాలు. ఒప్పుకున్నట్టు ఆమె చేత అనిపించాలని చూడకండి, "మరి ఓకేనా?" అని అడగకండి, ఓకే ఎలా అవుతుంది. "ఈరోజు నువ్వు ఏ నిర్ణయమూ తీసుకోనక్కర్లేదు. ఇంటికి వెళ్ళాలనిపిస్తే వెళ్ళు, మధ్యాహ్నం కాల్ నేను చూసుకుంటా. ఎల్లుండి పదకొండుకి మళ్ళీ కూర్చుందాం" అనండి. గది ఇంకా అరగంట బుక్ అయి ఉందని చెప్పి ముందు మీరు లేవండి, మొహం కడుక్కుని సర్దుకుని ఆమె నెమ్మదిగా వస్తుంది. కలిసి బయటికి నడిస్తే ఫ్లోర్ మొత్తం ఇద్దరి మొహాలూ చదివేస్తుంది.

వెళ్ళేముందు ఇంకో సంగతి మర్చిపోకండి. ప్రమోషన్ వచ్చినవాళ్ళకి అభినందనల మెయిల్ ఎప్పుడు వెళ్తుందో కనుక్కుని చెప్పండి: "రేపు నాలుగింటికి మెయిల్ వస్తుంది, ముందే తెలిస్తే మంచిదని చెప్తున్నా." కేక్ కటింగ్ ఉంటే ఆ రోజు ఆమె సీటు పక్కనున్న బే దగ్గర కాకుండా క్యాంటీన్‌లో పెట్టించండి, రాకపోతే ఎందుకు రాలేదని ఎవరూ అడగకుండా చూడండి. మీ టీమ్‌లో మిగతావాళ్ళు "రాధికకి ఏమైంది" అని మీ దగ్గరికి వస్తారు. "ఆమెనే అడగండి" అనడం కూడా తప్పే, ఏదో అయిందని చెప్పేసినట్టు. "తన సంగతి నేను మాట్లాడను" అంటే అయిపోతుంది.

ఎల్లుండి మీటింగ్‌ని ఏం జరిగినా వాయిదా వేయకండి. క్లయింట్ ఎస్కలేషన్ వచ్చినా ఇరవై నిమిషాలు తీయండి, ఎందుకంటే ఇది జరగకపోతే మొదటి మీటింగ్‌లో అన్న మాటలన్నీ ఆమె లెక్కలోంచి పోతాయి. ఈసారి ముందు ఆమెని మాట్లాడనివ్వండి. రెండు రోజుల్లో ప్రశ్నలు మారి ఉంటాయి, "ఎందుకు రాలేదు" పోయి "నేను ఇక్కడ ఉండాలా వద్దా" అన్నది వచ్చి ఉండొచ్చు. వేరే కంపెనీలు చూస్తున్నానంటే బెదిరింపుగా తీసుకోకండి, ఉండిపోమని బతిమాలనూ వద్దు. జులై రిలీజ్ సంగతి ఇప్పుడు చెప్పండి, ఆమె ఒప్పుకుంటే అదే రోజు నాలుగు లైన్ల మెయిల్ పెట్టండి: ఏ రిలీజ్, ఏయే పనులు ఆమెవి, మీరు ఏ తేదీన క్లయింట్‌కి పేరు చెప్తారు, నెల తర్వాత ఎప్పుడు కూర్చుని చూసుకుంటారు. మెయిల్‌లో "నిరాశ", "అర్థం చేసుకున్నందుకు థ్యాంక్స్" లాంటివేమీ రాయకండి. తేదీలు చాలు.